ఎవరో వచ్చారు... ఎవరైనా వచ్చారా?

రష్యాలో వైద్యం చదువుతున్న తెలుగు విద్యార్థులు మూడో ఏడాదికల్లా ఆసుపత్రి వార్డుల్లోకి అడుగుపెడతారు. చదువు ఇంగ్లీషులో సాగినా, మంచం మీద ఉన్న రోగి మాట్లాడేది రష్యనే. చరిత్ర రాసుకునేటప్పుడు తప్పక అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ‘‘మీకు ఏవైనా మందులు పడవా?’’ రష్యన్‌లో ఈ ‘ఏవైనా’కి మాట ‘కకీయె-నిబుద్’. దాని బదులు ‘కకీయె-తొ’ అంటే ప్రశ్న రంగు మారిపోతుంది. ‘‘ఏవో మందులు పడవటగా?’’ అన్నట్టు, డాక్టరు ముందే ఏదో విని వచ్చినట్టు రోగికి వినిపిస్తుంది. రోగి జవాబులో మాత్రం ‘తొ’ సరిగ్గా కుదురుతుంది: ‘‘నా కకోయ్-తొ అంతిబియోతిక్’’. అంటే, ‘‘ఏదో యాంటీబయాటిక్, పేరు గుర్తులేదు’’ అని.

రష్యన్‌లో క్తో అంటే ఎవరు, ష్తో అంటే ఏమిటి, గ్ద్యె అంటే ఎక్కడ. ఈ ప్రశ్నపదాలకు చివర ‘తొ’ గానీ ‘నిబుద్’ గానీ, ముందు ‘కోయె’ గానీ తగిలిస్తే అనిశ్చిత సర్వనామాలు తయారవుతాయి. రష్యన్ నేర్చుకునేవారిని ఏళ్ల తరబడి తికమక పెట్టే చోటు ఇదే. ఆ తికమకలో ఎక్కువ భాగం రష్యన్‌ది కాదు, మధ్యలో నిలబడిన ఇంగ్లీషుది.

ఇంగ్లీషు ద్వారా నేర్చుకునే విద్యార్థి సహజంగానే ఒక లెక్క వేసుకుంటాడు: ‘తొ’ అంటే ‘సమ్’, ‘నిబుద్’ అంటే ‘ఎనీ’. మొదటి రెండు ఉదాహరణల్లో ఈ లెక్క సరిపోతుంది. ‘సమ్‌వన్ కాల్డ్’ అంటే ‘క్తో-తొ జ్వనీల్’, ‘డిడ్ ఎనీవన్ కాల్?’ అంటే ‘క్తో-నిబుద్ జ్వనీల్?’ మూడో వాక్యం దగ్గరే లెక్క తప్పుతుంది. ‘తినడానికి ఏదైనా కొను’ అనాలంటే ఇంగ్లీషులో ‘బై సమ్‌థింగ్’ అంటారు. రష్యన్‌లో అది ‘కుపీ ష్తో-నిబుద్’. ఇంగ్లీషులో ‘సమ్’ ఉంది గదా అని అక్కడ ‘తొ’ పెడితే తప్పు.

తెలుగు మనిషికి ఈ చిక్కు రానక్కర్లేదు. పై మూడు వాక్యాలనూ తెలుగులో అనుకుంటే చాలు: ‘ఎవరో ఫోన్ చేశారు’, ‘ఎవరైనా ఫోన్ చేశారా?’, ‘ఏదైనా కొను’. ‘ఓ’ ఉన్నచోట ‘తొ’, ‘ఐనా’ ఉన్నచోట ‘నిబుద్’ వచ్చి కూర్చున్నాయి. ఇంగ్లీషు చూసేది వాక్యం ప్రశ్నా, నిషేధమా, మామూలు వాక్యమా అన్నదాన్ని. రష్యన్, తెలుగు చూసేది వేరు: ఆ మనిషి లేదా వస్తువు నిజంగా ఒకటంటూ ఉందా, లేక ఇంకా ఏదీ తేలలేదా? ఫోన్ చేసిన మనిషి ఉన్నాడు, ఎవరన్నది తెలియదు. అందుకే ఎవరో, క్తో-తొ. కొనాల్సిన వస్తువు ఇంకా తేలలేదు, ఏదైనా పరవాలేదు. అందుకే ఏదైనా, ష్తో-నిబుద్.

పెళ్లి మాట తీసుకుంటే ఇది ఇంకా బాగా తేలుతుంది. ‘షీ వాంట్స్ టు మ్యారీ సమ్ డాక్టర్’ అన్న ఇంగ్లీషు వాక్యంలో రెండు కథలు దాగి ఉంటాయి, వాక్యం మాత్రం ఒకటే. రష్యన్ తల్లి ఆ మాట చెప్పాలంటే ఏదో ఒక కథను ఎంచుకోక తప్పదు. ‘జ కకోవ-తొ వ్రచా’ అంటే ఎవరో డాక్టర్ని చేసుకుంటానంటోంది. అబ్బాయి ఉన్నాడు, తల్లికి వివరాలు తెలియవు. ‘జ కకోవ-నిబుద్ వ్రచా’ అంటే ఎవరైనా డాక్టర్ని చేసుకోవాలనుకుంటోంది. అబ్బాయింకా దొరకలేదు, కోరిక మాత్రం ఉంది. మొదటి మాట విన్న బంధువులు ‘‘ఎవరతను?’’ అని ఆరా తీస్తారు, రెండోది వింటే సంబంధాలు వెతకడం మొదలుపెడతారు.

‘గడిచినదానికి తొ, రాబోయేదానికి నిబుద్’ అని కొందరు గుర్తు పెట్టుకుంటారు. అదీ పూర్తిగా నిలవదు. ‘రేపు ఎవరో ప్రొఫెసర్ వస్తున్నారు’ అనేది రేపటి సంగతే అయినా, వచ్చే మనిషి ఖాయమయ్యాడు కనుక రష్యన్‌లో ‘కకోయ్-తొ’ అనే అంటారు.

ఇక కోయె. మాట్లాడేవాడికి ఆ మనిషి ఎవరో, ఆ సంగతి ఏమిటో బాగా తెలుసు, వినేవాడికి మాత్రం ఇప్పుడే చెప్పదలచుకోలేదు. ‘నీకో మాట చెప్పాలి’ అన్నప్పుడు తెలుగువాడు చేసేది సరిగ్గా ఇదే. రష్యన్‌లో అది ‘కోయె-ష్తో’. ఇక్కడ ఒక చిన్న జాగ్రత్త అవసరం. ‘నీకో’లోని ‘ఓ’, ‘ఎవరో’లోని ‘ఓ’ ఒకటి కావు. మొదటిది ‘ఒక’ కుదించుకుపోయిన రూపం, రెండోది సందేహార్థకం. కాబట్టి ‘ఒకాయన్ని కలవాలి’, ‘నీకో మాట చెప్పాలి’ అనిపించిన చోట కోయె. ‘ఎవరో’, ‘ఏదో’ అనిపించిన చోట తొ.

భాషాశాస్త్రవేత్త మార్టిన్ హాస్పెల్‌మాత్ 1997లో వెలువడిన తన గ్రంథంలో 40 భాషల అనిశ్చిత సర్వనామాలను లోతుగా పరిశీలించి, వాటి పనులను తొమ్మిదిగా విభజించి ఒక పటంగా గీశాడు. అందులో మొదటి మూడూ పక్కపక్కనే ఉంటాయి: మాట్లాడేవాడికి తెలిసినది, ఉంది గానీ తెలియనిది, ఇంకా తేలనిది. ఇంగ్లీషు ఈ మూడింటికీ ‘సమ్’ ఒక్కటే వాడుతుంది. రష్యన్ వరుసగా కోయె, తొ, నిబుద్ అని మూడు వాడుతుంది.

ఈ పోలిక పుట్టుకలోనూ కనిపిస్తుంది. నిబుద్‌లోని ‘బుద్’ రష్యన్‌లో ‘ఉండు’ అనే క్రియ నుంచి వచ్చింది. ‘ఏదైనా కానీ’ అన్న భావం. తెలుగు ‘ఐనా’ కూడా ‘అవు’ ధాతువు నుంచి వచ్చిన ‘అయినా’యే. విభక్తి చేరే తీరూ ఒకటే. ‘ఎవరికో’లో ముందు ‘కి’ చేరి, ఆ తరువాతే ‘ఓ’ వస్తుంది. రష్యన్‌లోనూ క్తో ముందు ‘కము’ (ఎవరికి) అయ్యి, ఆపైన ‘తొ’ తగులుతుంది: కము-తొ. కోయె ఒక్కటే భిన్నం. ‘తో’ అనే అర్థమిచ్చే ‘స్’ వస్తే కోయె పక్కకు జరిగి దానికి మధ్యలో చోటిస్తుంది: ‘కోయె స్ కెమ్’. రాతలో ఆ హైఫన్ కూడా పోతుంది.

అయితే తెలుగు మీద కళ్లు మూసుకుని ఆధారపడితే దెబ్బతినే చోట్లు రెండున్నాయి. ‘ప్రతి సాయంత్రం ఎవరో ఒకరు వచ్చేవారు’ అన్నప్పుడు తెలుగులో ‘ఎవరో’ ఉంది గనుక చెయ్యి ‘తొ’ వైపు పోతుంది. కానీ రోజుకొకరు వస్తున్నారు, ఫలానా మనిషంటూ లేడు. కాబట్టి రష్యన్‌లో అక్కడ క్తో-నిబుద్. రెండోది, ‘ఈ పని ఎవరైనా చేయగలరు’. ఇక్కడ ‘ఐనా’ ఉంది గదా అని నిబుద్ పెట్టకూడదు. ‘ఎవరినైనా తీసుకో, ప్రతివాడూ చేయగలడు’ అన్న అర్థానికి రష్యన్‌లో ‘ల్యుబోయ్’ అనే వేరే మాటుంది. ఇంగ్లీషు ‘ఎనీవన్’ కూడా ఇక్కడ తెలుగులాగే బోల్తా కొట్టిస్తుంది.

నిషేధం దగ్గర మాత్రం తెలుగు మళ్లీ ఆదుకుంటుంది. ‘నేను ఎవరినీ చూడలేదు’ అన్న వాక్యంలో ‘ఎనీవన్’ తలుచుకుని నిబుద్ వాడేవారున్నారు. రష్యన్‌లో అది ‘యా నికవో నె వీద్యెల్’: ‘ఎవరినీ’కి సరిగ్గా ‘నికవో’, ‘చూడలేదు’కి ‘నె వీద్యెల్’. రష్యన్ పుస్తకం ఇంగ్లీషులో ఉన్నా సరే, ఈ పాఠం దగ్గరికి వచ్చినప్పుడు ప్రతి వాక్యాన్నీ ముందు తెలుగులో పైకి అని, ఆ తరువాత రష్యన్‌లో రాయండి.