డబ్బాలో అంకె, బ్రాకెట్లో అంకె

బాలానగర్‌లో చిన్న మిల్లింగ్ షాపు నడిపే మిత్రుడి దగ్గరికి ఒక సాయంత్రం వెళ్లాను. బెంచీ మీద ఇరవై అల్యూమినియం ప్లేట్లు, ప్రతిదానికీ ఒక ఎర్ర ట్యాగు. కొన్న కంపెనీవాళ్లు తిప్పి పంపారట. ట్యాగు మీద రాసిన కారణం ఒకటే: రంధ్రం దూరం తప్పు. చేతికందిన ప్లేటు తీసి చూస్తే, ‘ఉండాల్సింది 40, ఉన్నది 40.12’ అని ఉంది.

“అన్నా, డ్రాయింగ్ చూడు. ఆ 40 చుట్టూ డబ్బా ఉందా లేదా? డబ్బాలో అంకెను పట్టుకుని ఎట్లా రిజెక్ట్ చేస్తారు?” అన్నాడు మిత్రుడు.

డ్రాయింగ్ విప్పాను. దాంట్లో మూడు రకాల అంకెలున్నాయి. చూడటానికి అన్నీ మిల్లీమీటర్లే, కానీ మూడూ మూడు వేర్వేరు మాటలు చెబుతాయి.

మొదటిది మనకు బాగా అలవాటైనది. రంధ్రం వ్యాసం పక్కన 10.0 – 10.2 అని రెండు హద్దులు రాసి ఉన్నాయి. ప్లగ్ గేజ్ దూర్చి చూడొచ్చు, లేదా లోపలి మైక్రోమీటర్‌తో కొలవొచ్చు. ఆ హద్దుల మధ్య ఉంటే పాస్, దాటితే ఫెయిల్. దీన్ని టాలరెన్స్ ఉన్న కొలత అంటారు. ప్లేటు మందం దగ్గర మాత్రం ఉత్త 12 అనే ఉంది, హద్దులేమీ లేవు. అలాంటప్పుడు కాగితం కింది మూలకు, టైటిల్ బ్లాక్‌కు, చూపు పోవాలి. అక్కడ ‘వేరే చెప్పకపోతే ±0.1’ అని ఉంది. కాబట్టి మందం 11.9 నుంచి 12.1 దాకా ఉండొచ్చు. తోక కనిపించకపోయినా ఇదీ టాలరెన్స్ ఉన్న కొలతే. దీన్నీ నేరుగా కొలిచి తీర్పు చెప్పొచ్చు.

రెండోది బ్రాకెట్లో అంకె. ఈ ప్లేటుకు పొడవు పొడుగునా ఒక మెట్టు ఉంది. మెట్టుకు ఒకవైపు 30, ఇంకోవైపు 50, మొత్తం పొడవు దగ్గర (80). ఆ బ్రాకెట్ ఏదో అలంకారానికి పెట్టింది కాదు. 30కీ 50కీ చెరో ±0.1 ఇచ్చాక, మొత్తం 79.8 నుంచి 80.2 దాకా ఎక్కడైనా పడొచ్చు. ఒక ప్లేటులో మెట్లు 30.08, 50.07 వచ్చాయనుకోండి. రెండూ పాస్. మొత్తం 80.15. ఇన్‌స్పెక్టర్ 80కి కూడా టైటిల్ బ్లాక్‌లోని ±0.1 తగిలిస్తే, విడివిడిగా పాసైన సరుకు కలిపి చూస్తే ఫెయిలవుతుంది. ఒకే డ్రాయింగ్ రెండు నాలుకలతో మాట్లాడినట్టు. అందుకే డిజైనర్ ఆ 80ని బ్రాకెట్లో పెట్టి, ‘ఇది మీకు తెలియడానికి మాత్రమే’ అన్నాడు. కడ్డీ ఎంత పొడవు కోయాలో, ప్లేటు ఏ పెట్టెలో పడుతుందో చూసుకోవడానికి పనికొస్తుంది. దీని మీద పాస్, ఫెయిల్ అనే మాటే రాదు. దీన్ని రిఫరెన్స్ కొలత అంటారు. పాత డ్రాయింగుల్లో బ్రాకెట్‌కు బదులు పక్కన REF అని రాసేవారు.

ఏ అంకెను బ్రాకెట్లో పెట్టాలన్నది డిజైనర్ ఇష్టం కాదు, ఆ వస్తువు చేసే పనిని బట్టి తేలుతుంది. ఈ ప్లేటు 80 పొడవున్న గాడిలో కూర్చోవాల్సి ఉంటే మొత్తానికి టాలరెన్స్ ఇచ్చి, రెండు మెట్లలో ఒకదాన్ని బ్రాకెట్లో పెట్టాల్సి వచ్చేది.

ఇక గొడవ తెచ్చిన మూడోది. రంధ్రం ఎడమ అంచు నుంచి 40, కింది అంచు నుంచి 30. రెండంకెల చుట్టూ దీర్ఘచతురస్రపు గడి గీసి ఉంది. దాన్నే షాపుల్లో డబ్బా అంటారు. ఇది బేసిక్ కొలత. దీనికి టాలరెన్స్ లేదు, టైటిల్ బ్లాక్‌లోని ±0.1 కూడా వర్తించదు. ‘రంధ్రం కేంద్రం సరిగ్గా ఇక్కడ ఉండాలని నా కోరిక’ అని డిజైనర్ ఒక చుక్క పెట్టి చూపించడమే ఇది.

మరి అలాగే రావడం ఏ మెషీన్ వల్లా కాదు కదా? ఎంత పక్కకు జరగొచ్చో ఇంకోచోట రాసి ఉంటుంది. రంధ్రం వ్యాసం కింద గళ్ల పట్టీ ఒకటుంది. మొదటి గడిలో వృత్తం మీద కూడిక గుర్తు, అంటే పొజిషన్. రెండో గడిలో ⌀0.4. తర్వాత A, B, C, అంటే కొలత మొదలుపెట్టాల్సిన అడుగు ముఖం, కింది అంచు, ఎడమ అంచు. డబ్బాలు చూపిన చుక్క చుట్టూ 0.4 వ్యాసంతో ఒక వృత్తం ఊహించుకోండి. రంధ్రం కేంద్రం ఆ వృత్తంలో పడితే చాలు.

అలాగని డబ్బాలో అంకె జోలికి అసలు వెళ్లకూడదనీ కాదు. ప్లేటును సర్ఫేస్ ప్లేట్ మీద కింది అంచుపై నిలబెట్టి, హైట్ గేజ్‌తో రంధ్రం అడుగు ఎత్తు, పై ఎత్తు చూసి సగటు తీస్తే కేంద్రం ఎత్తు వస్తుంది. ఎడమ అంచు మీద నిలబెట్టి మళ్లీ అదే చేయాలి. సీఎంఎం ఉంటే అది నిమిషాల్లో చెబుతుంది. కొలవడం తప్పు కాదు, ఆ సంఖ్య మీదే తీర్పు చెప్పడం తప్పు. మేం ముందు వేసుకున్న ప్లేటులో 40 దగ్గర 40.12, 30 దగ్గర 29.85 వచ్చాయి. ఒకవైపు 0.12, ఇంకోవైపు 0.15 తేడా. కేంద్రం ఏటవాలుగా జరిగిన దూరం తీసి, వృత్తం వ్యాసంతో పోల్చాలి కాబట్టి రెట్టింపు చేయాలి:

2 × √(0.12² + 0.15²) = 0.384

హద్దు 0.4. ప్లేటు పాస్! కంపెనీ ఇన్‌స్పెక్టర్ డబ్బా ఉన్న 40ని ఉత్త 40గా చదివి, ±0.1 తగిలించి, మంచి సరుకుకు ఎర్ర ట్యాగు కట్టాడు.

తప్పు అటువైపు కూడా జరగొచ్చు. టైటిల్ బ్లాక్‌లో ±0.2 ఉందనుకోండి. 40.18, 30.17 వచ్చిన ప్లేటును అదే ఇన్‌స్పెక్టర్ హాయిగా దాటించేవాడు. లెక్క వేస్తే 0.495. చెడ్డ సరుకు బోల్టు బిగించే చోటికి వెళ్లిపోయేది.

ఈ వృత్తం లెక్క వెనుక స్టాన్లీ పార్కర్ అనే ఇంజినీరు పేరు చెబుతారు. స్కాట్లాండ్‌లో టార్పెడోలు చేసే ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. అడ్డంగా ±0.1, నిలువుగా ±0.1 ఇస్తే కేంద్రం తిరగగలిగే చోటు చతురస్రమవుతుంది. మూల మీద అది 0.14 దూరం దాకా పోవచ్చు, తిన్నగా మాత్రం 0.1 దాటకూడదు. బోల్టుకు దిక్కులు తెలియవు. మూల దాకా పోతే ఒప్పుకున్నప్పుడు అన్ని దిక్కులకూ అంతే ఒప్పుకోవచ్చు కదా? ఆ మూలలు తాకేలా వృత్తం గీస్తే చోటు 57 శాతం పెరుగుతుంది.

డబ్బా ఉండి గళ్ల పట్టీ లేకపోతే మాత్రం ఆగాలి. అప్పుడు రంధ్రం స్థానానికి ఏ హద్దూ లేనట్టే. అది డ్రాయింగ్ లోపం. డిజైనర్‌ను అడగాలి తప్ప మనమే ±0.1 అనుకోకూడదు. ఫొటోకాపీల మీద కాపీలు తీసినప్పుడు డబ్బా గీత చెరిగిపోవడం కూడా ఉంది. పట్టీలో పొజిషన్ గుర్తు కనిపిస్తూ, దూరం అంకె చుట్టూ గీత లేకపోతే అసలు డ్రాయింగ్ తెప్పించి చూడటం మేలు.

ఆ రాత్రి మిత్రుడు ఇరవై ప్లేట్లూ మళ్లీ కొలిచాడు. నేను పక్కన కూర్చుని కాలిక్యులేటర్ నొక్కాను. పదిహేడు ప్లేట్లు 0.4 లోపే వచ్చాయి. మూడింటిలో మాత్రం 40.16, 29.86 చుట్టుపక్కల వచ్చాయి. లెక్క 0.425 దగ్గర తేలింది. ఆ మూడింటి ఎర్ర ట్యాగుల మీద పాత కారణం కొట్టేసి, ‘పొజిషన్ 0.425, హద్దు 0.4’ అని రాసి పక్కన పెట్టాడు. మిగతావి మర్నాడు లెక్కల కాగితంతో సహా మళ్లీ పంపించాడు.