138, 184 కలిస్తే 230

30 ఓముల రెసిస్టర్ ఒకటి, ఇనుప కోరు మీద రాగి తీగ చుట్టిన చోక్ ఒకటి. రెండింటినీ ఒకదాని వెనుక ఒకటి ఒకే దారిలో కలిపి 230 వోల్టుల ఏసీ సరఫరాకు తగిలించారనుకుందాం. మల్టీమీటర్‌తో కొలిస్తే రెసిస్టర్ దగ్గర 138 వోల్టులు, చోక్ దగ్గర 184 వోల్టులు చూపిస్తుంది. కూడితే 322. సరఫరా మాత్రం 230 దాటలేదు. మీటరు చెడిపోలేదు, తీగలు తప్పుగా కలపలేదు. ఒక చుట్టులో వోల్టేజీలన్నీ కలిసి సరఫరాకు సమానం కావాలని 1845లో గుస్తవ్ కిర్కాఫ్ చెప్పిన నియమం కూడా తప్పలేదు.

ఆ నియమం ఏ క్షణానికి ఆ క్షణం వర్తిస్తుంది. ఏసీ వోల్టేజీ సెకనుకు 50 సార్లు పైకి లేచి, కిందికి దిగి, మళ్లీ మొదటికి వస్తుంది. రెసిస్టర్ వోల్టేజీ శిఖరాన్ని తాకే వేళకు చోక్ వోల్టేజీ ఆ శిఖరం దాటి సున్నా దగ్గర ఉంటుంది. మీటరు చూపేది ఆ అలల పరిమాణాన్నే. ఏ అల ముందు, ఏది వెనుక అన్న సంగతి దాని ముల్లుకు గానీ అంకెలకు గానీ అందదు. పరిమాణంతో పాటు ఆ ముందు వెనుకలను కూడా ఒకే సంఖ్యలో పట్టుకునే ఉపాయం పేరే ఫేజర్.

గుడి చుట్టూ ఇద్దరు ఒకే వేగంతో ప్రదక్షిణ చేస్తుంటే వారి మధ్య ఎడం ఎన్ని చుట్లు తిరిగినా మారదు. సర్క్యూట్లో జరిగేదీ అంతే. సరఫరా 50 హెర్ట్జ్‌లో ఉంటే, మొదటి తడబాటు సద్దుమణిగాక ప్రతి వోల్టేజీ, ప్రతి కరెంటు కూడా 50 హెర్ట్జ్‌లోనే ఊగుతాయి. అందరికీ ఒకటే అయిన ఆ తిరుగుడును లెక్కలోంచి తీసేయవచ్చు. మిగిలేవి రెండే: అల ఎత్తు, అది మొదలైన కోణం. ఈ రెండూ ఉన్న బాణం గుర్తును ఒక సంకీర్ణ సంఖ్యగా రాయవచ్చు. ఇంటర్మీడియట్ లెక్కల్లో చదివే ఆ సంఖ్యలకు ఇక్కడ గట్టి పని దొరుకుతుంది. అక్కడ i అని రాసేదాన్ని ఎలక్ట్రికల్ వాళ్లు j అంటారు, ఎందుకంటే i అక్షరం అప్పటికే కరెంటుకు పోయింది.

ఈ పద్ధతిని ఇంజనీర్ల చేతికి అందించినవాడు చార్లెస్ స్టైన్‌మెట్జ్. బ్రెస్లావ్‌లో పుట్టి, 1889లో అమెరికా చేరిన ఆయన, 1893లో షికాగోలో జరిగిన అంతర్జాతీయ విద్యుత్ మహాసభలో దీన్ని వివరించాడు. అంతకుముందు అవకలన సమీకరణాలతో కుస్తీ పట్టిన చోట మామూలు కూడికలు, భాగహారాలు సరిపోయాయి.

మన సర్క్యూట్‌కే వద్దాం. 230 అనేది అల తాలూకు ఆర్‌ఎంఎస్ విలువ. శిఖరం దానికి 1.414 రెట్లు, అంటే 325 వోల్టులు. సరఫరాను ఇలా ఇచ్చారనుకుందాం:

v = 325 sin(314t + 30°)

ఫేజర్‌గా మార్చేముందు అన్ని అలలనూ సైన్‌లోనో కొసైన్‌లోనో ఒకే రూపంలోకి తేవాలి. వాడుక కొసైన్. సైన్ అల కొసైన్ కన్నా 90 డిగ్రీలు వెనుక ఉంటుంది కాబట్టి 30లోంచి 90 తీసేస్తే −60. సరఫరా ఫేజర్ 325∠−60°. సర్క్యూట్లో రెండు సరఫరాలు ఉండి, ఒకటి సైన్‌లో, రెండోది కొసైన్‌లో ఇస్తే, ఈ మెట్టు మరచినవారి లెక్కలో ఒక సరఫరా 90 డిగ్రీల మేర దారి తప్పుతుంది.

తరువాత చోక్. దాని ఇండక్టెన్స్ 0.1273 హెన్రీ. చోక్ వోల్టేజీ కరెంటు మారే వేగాన్ని బట్టి ఉంటుంది. అల మారే వేగం కూడా అలే, కాకపోతే 314 రెట్లు పెద్దది, 90 డిగ్రీలు ముందుది. ఫేజర్ భాషలో ఈ రెండూ కలిసి j314తో గుణకారం అవుతాయి. కాబట్టి చోక్ అడ్డు 314 × 0.1273, అంటే j40 ఓములు. తీగకు ఉండే కొద్దిపాటి నిరోధాన్ని ఇక్కడ వదిలేద్దాం. చుట్టు మొత్తం అడ్డు, అంటే ఇంపిడెన్స్:

Z = 30 + j40 = 50∠53.13°

ఇక మిగిలింది ఓమ్ నియమం. ఎత్తులను భాగించాలి, కోణాలను తీసివేయాలి:

I = 325∠−60° ÷ 50∠53.13° = 6.5∠−113.13°

కాలంలోకి తిరిగి వెళితే i = 6.5 cos(314t − 113.13°). సైన్‌లో రాస్తే 6.5 sin(314t − 23.13°). కరెంటు వోల్టేజీకి 53.13 డిగ్రీలు వెనుక నడుస్తోంది. 20 మిల్లీసెకన్ల చుట్టులో అది దాదాపు 2.95 మిల్లీసెకన్ల ఆలస్యం. ఆసిలోస్కోప్ తెర మీద రెండు శిఖరాల మధ్య దూరంగా దీన్ని కళ్లారా చూడవచ్చు.

ఇదే భాగహారం కోణాలతో కాకుండా వాస్తవ, కల్పిత భాగాలతో చేస్తే −2.553 − j5.978 వస్తుంది. ఇక్కడే ఒక గుంట ఉంది. కోణం కోసం క్యాలిక్యులేటర్‌లో 5.978ని 2.553తో భాగించి టాన్ విలోమం నొక్కితే అది 66.87 అంటుంది. రెండు భాగాలూ రుణమైతే బాణం మూడో పాదంలో ఉంటుందని ఆ మీటకు తెలియదు. 180 తీసేస్తేనే అసలు కోణం −113.13 దొరుకుతుంది. జవాబు నమ్మేముందు చిన్న బొమ్మ గీసుకునే అలవాటు ఉన్నవారు ఈ గుంటలో పడరు. చోక్ ఉన్న చుట్టులో కరెంటు వోల్టేజీ కన్నా ముందు వచ్చినట్టు తేలితే ఎక్కడో గుర్తు తారుమారైందనే అర్థం.

మొదటి చిక్కు ఇప్పుడు విడిపోతుంది. కరెంటు ఆర్‌ఎంఎస్‌లో 4.6 ఆంపియర్లు. రెసిస్టర్ మీద 138, చోక్ మీద 184 వోల్టులు పడతాయి, కానీ రెండో బాణం మొదటిదానికి లంబంగా నిలుస్తుంది. కాబట్టి కూడాల్సింది లంబకోణ త్రిభుజం భుజాలను. 138 వర్గం 19,044, 184 వర్గం 33,856, మొత్తం 52,900. దాని వర్గమూలం సరిగ్గా 230.

ఈ పద్ధతికి హద్దులున్నాయి. స్విచ్ వేసిన తొలి క్షణాల గురించి ఫేజర్ ఏమీ చెప్పదు. ఈ సర్క్యూట్లో ఆ తడబాటు ఇండక్టెన్స్‌ను నిరోధంతో భాగిస్తే వచ్చే 4.24 మిల్లీసెకన్ల లెక్కన కరుగుతుంది, అలాంటి ఐదు గడువులకు, అంటే దాదాపు ఒక చుట్టు పూర్తయ్యేసరికి లేనట్టే. ఫ్యాన్ ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ లాగా అలను మధ్యలో కోసే పరికరం ఉంటే కరెంటు ఒకే సైన్ అలగా ఉండదు. అప్పుడు ఒక్క ఫేజర్ చాలదు, ఆ కరెంటులోని ఒక్కో పౌనఃపున్యానికి విడిగా లెక్క వేయాలి.

అదే దారిలో 79.6 మైక్రోఫారడ్ల కెపాసిటర్ చేరిస్తే కథ మారుతుంది. దాని అడ్డు −j40. చోక్ తాలూకు +j40ని అది పూర్తిగా చెరిపేస్తుంది, చుట్టులో 30 ఓములే మిగులుతాయి. కరెంటు 4.6 నుంచి 7.67 ఆంపియర్లకు ఎక్కుతుంది. చోక్ మీద, కెపాసిటర్ మీద విడివిడిగా 307 వోల్టులు, అంటే సరఫరాను మించి పడతాయి. శిఖరం 434. వ్యతిరేక దిశల్లో ఉన్న ఆ రెండు బాణాలూ ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి కాబట్టి కిర్కాఫ్ లెక్క చెదరదు. కానీ కెపాసిటర్ లోపలి పొరలు భరించాల్సింది ఆ పూర్తి వోల్టేజీనే. సీలింగ్ ఫ్యాన్‌లోనూ కెపాసిటర్ ఒక వైండింగ్‌తో వరుసగా ఉంటుంది, దాని మీద కూడా సరఫరాను మించిన వోల్టేజీ పడుతుంది. 230 వోల్టుల ఇంట్లో బిగించే ఆ చిన్న డబ్బా మీద 440 VAC అని ముద్రించి ఉండేది అందుకే.