గోడ మూసేలోపే తేల్చుకోవాల్సిన లెక్కలు

పాత ఇల్లు బాగుచేయించుకుందామనుకోగానే చాలామంది ముందు టైల్స్ షాపుకు వెళ్తారు. నిజానికి టైల్స్ వేయడం ఈ పనిలో సగం దూరం వెళ్లాక వచ్చే ఘట్టం. అంతకు ముందే గోడల లోపల, నేల కింద చాలా పని అయిపోవాలి. ఏ పని ముందు, ఏది వెనక అన్న ప్రశ్నకు ఒక్కటే సూత్రం: మూతపడే పనులు ముందు, పైకి కనిపించేవి తర్వాత. ఖర్చు లెక్క, అనుమతులు కూడా ఈ వరుసనే అనుసరిస్తాయి.

ఉదాహరణకు గుంటూరులో 1990లలో కట్టిన ఒక ఇంటిని ఊహించుకుందాం. 1,200 చదరపు అడుగులు, రెండు బెడ్‌రూములు, రెండు బాత్రూములు. ఇనుప పైపులు తుప్పుపట్టాయి, వైరింగు పాతబడింది. వంటగదిని హాల్లో కలిపేయాలని పిల్లల కోరిక.

తేల్చుకోవాల్సిన మొదటి విషయం ఆ గోడే. ఆ రోజుల్లో కట్టిన ఇళ్లలో చాలావాటికి పిల్లర్లు ఉండవు. తొమ్మిది అంగుళాల ఇటుక గోడలే శ్లాబును మోస్తాయి. నాలుగున్నర అంగుళాల గోడ సాధారణంగా గదుల మధ్య అడ్డుగా కట్టిందే. అయినా మందం చూసి మనమే తీర్పు చెప్పకూడదు. స్ట్రక్చరల్ ఇంజనీరును పిలిచి చూపించాలి. ఎక్కడ తీయవచ్చో, తీసినచోట ఇనుప దూలమో కాంక్రీటు బీమో ఏది వేయాలో ఆయన గీసి ఇస్తారు. అదే రోజు సీలింగును కూడా చిన్న సుత్తితో తట్టించాలి. డొల్ల శబ్దం వస్తే ప్లాస్టరింగు శ్లాబును వదిలేసిందన్నమాట. లోపల చువ్వ తుప్పుపట్టి ఉబ్బినా ఇలాగే జరుగుతుంది. అలాంటి చోట పైన లప్పం పూసి రంగేస్తే కొన్నాళ్లకు పెచ్చులుగా ఊడిపడుతుంది. వాస్తు చూపించుకునే అలవాటుంటే సిద్ధాంతిని కూడా ఈ దశలోనే పిలవాలి. గుమ్మం నిలబెట్టాక మార్చమంటే రెండింతల ఖర్చు.

అనుమతుల సంగతి కూడా ఈ ప్లానుతోనే తేలుతుంది. రంగులు, నేల మార్పిడి, ప్లాస్టరింగు, ఫాల్స్ సీలింగు లాంటి వాటిని అనుమతి అక్కర్లేని పనులుగానే జాతీయ భవన నియమావళి చూస్తుంది. కొత్త గది కలిపినా, మేడ మీద అంతస్తు వేసినా, ఇంటి ముందు భాగాన్ని దుకాణంగా మార్చినా మున్సిపాలిటీ అనుమతి కావాల్సిందే. గోడ తీసి బీము వేయడం భవనం బలానికి సంబంధించిన మార్పు. అందుకే ఇంజనీరు డ్రాయింగుతో టౌన్ ప్లానింగ్ విభాగంలో ముందే అడిగి తెలుసుకోవాలి. ఫ్లాట్ అయితే అసోసియేషన్ రాతపూర్వక అంగీకారం, పని వేళలు, చెత్త ఎక్కడ పోయాలన్నది కూడా చూసుకోవాలి.

చాలామంది మరిచిపోయేది కరెంటు లోడు. ఈ ఇంటికి రెండు కిలోవాట్ల లోడు మంజూరై ఉందనుకుందాం. ఇప్పుడు రెండు గీజర్లు, రెండు ఏసీలు వస్తున్నాయి. ఒక్కో గీజరే రెండు కిలోవాట్లు లాగుతుంది. డిస్కంకు లోడు పెంపు దరఖాస్తు పని మొదలుపెట్టే ముందే ఇవ్వాలి. మీటరు, మెయిన్ వైరు మారాల్సి వస్తే బోర్డు ఎక్కడ పెట్టాలో కూడా మారిపోతుంది.

ఇక పనుల వరుస. వానల ముందే మేడ మీద నీటి కారుడు ఆపాలి. తర్వాత పగలగొట్టడం, బీము వేయడం, కొత్త గోడలు, ద్వారబంధాలు నిలబెట్టడం. ఆ వెంటనే ప్లంబరు, ఎలక్ట్రీషియన్ గోడల్లో గాడులు కొట్టి పైపులు పరుస్తారు. ఏసీ రాగి పైపు, దాని నీరు బయటకు పోయే గొట్టం కూడా ఇప్పుడే పడాలి. కాబట్టి మంచం ఎటు వేస్తారు, ఫ్రిజ్ ఎక్కడ, గీజరు ఏ గోడకు అన్నవి ఈలోపే ఖాయం కావాలి. సుద్దముక్కతో గోడ మీదే గుర్తులు పెట్టించడం మంచిది.

ప్లాస్టరింగుకు ముందు రెండు పనులు తప్పక చేయించాలి. ఒకటి, నీళ్ల పైపుల చివరలు బిగించి చేతిపంపుతో ఒత్తిడి ఎక్కించడం. కొన్ని గంటల తర్వాత గేజీ ముల్లు కిందికి దిగితే ఎక్కడో అతుకు కారుతున్నట్టే. రెండు, ప్రతి గోడ పక్కన టేపు పట్టి ఫొటో తీసుకోవడం. రేపు ఎవరైనా షెల్ఫు కోసం డ్రిల్ పెట్టేటప్పుడు ఆ ఫొటోయే పైపును కాపాడుతుంది.

ప్లాస్టరింగు అయ్యాక కనీసం ఏడు రోజులు నీళ్లు కొట్టాలి, తర్వాత గోడ ఆరాలి. తడి గోడకు లప్పం పెడితే బుడగలు వస్తాయి. బాత్రూము నేలకు వాటర్‌ప్రూఫింగు పూత వేశాక, నీటి తూము మూసి ఒకరోజైనా నీళ్లు నిలబెట్టాలి. మట్టం తగ్గకుండా, బయటి గోడకు చెమ్మ తగలకుండా ఉంటేనే టైల్స్ మేస్త్రీని పిలవాలి. పాత మొజాయిక్ మీదే కొత్త టైల్స్ వేస్తే పగలగొట్టే ఖర్చు మిగులుతుంది గానీ నేల ఎత్తు పెరిగి తలుపులు కింద రాసుకుంటాయి. ఆ కోత ఖర్చు కూడా లెక్కలో వేసుకోవాలి. టైల్స్ తర్వాత వంటగది గట్టు, వడ్రంగి పని, లప్పం, ప్రైమరు, తొలి కోటు వస్తాయి. స్విచ్చులు, కుళాయిలు బిగించాక చివరి కోటు వేయాలి. ముందే వేస్తే బిగించేవాళ్ల చేతి మరకలన్నీ దాని మీదే పడతాయి.

ఇక డబ్బు. ఈ కుటుంబం దగ్గర 14 లక్షలు ఉన్నాయనుకుందాం. అందులో రెండు లక్షలు ముందే పక్కన పెట్టి, 12 లక్షలకే పని ఒప్పుకోవాలి. కూల్చివేత, బీము, గోడలు, ప్లాస్టరింగుకు లక్షా 80 వేలు. పైపులు, రెండు బాత్రూములకు 3 లక్షల 20 వేలు. వైరింగుకు లక్షా 60 వేలు, నేలకు 2 లక్షల 20 వేలు, వంటగది, వడ్రంగానికి లక్షా 80 వేలు, రంగులకు లక్షా 40 వేలు. ఊరిని బట్టి, సరుకును బట్టి ధరలు మారతాయి. చూడాల్సింది వాటా ఎలా పడిందన్నది. పక్కన పెట్టిన రెండు లక్షలు ఫ్యాన్సీ దీపాలకు కాదు. బాత్రూము నేల తవ్వితే కింద నింపిన రబ్బీసు ఏళ్లుగా తడిసి ఉందనో, డ్రైనేజీ గొట్టం పగిలిందనో బయటపడుతుంది. ఆ ఖర్చు ఏ కొటేషనులోనూ ఉండదు. ఇలాంటివన్నీ నేల, గోడ తెరిచిన రోజుల్లోనే తేలిపోతాయి కాబట్టి, ప్లాస్టరింగు అయ్యేదాకా ఆ సొమ్ము ముట్టుకోకూడదు. అప్పటికి మిగిలింది మీ ఇష్టం.

మేస్త్రీకి చెల్లింపు వారాల లెక్కన కాకుండా దశల లెక్కన ఉండాలి. పైపుల పరీక్ష నిలిచాక ఒక వాయిదా, బాత్రూములో నీళ్లు నిలిచాక ఒకటి, టైల్స్ పూర్తయ్యాక ఇంకొకటి. చివరి పదో వంతు అన్ని కుళాయిలు, స్విచ్చులు వాడి చూశాకే ఇవ్వాలి. టైలు ఎన్ని చదరపు అడుగులు, వైరు ఏ మందం, లప్పం ఎన్ని కోట్లు అన్నది ఒప్పంద కాగితంలో ఉండాలి. మధ్యలో ఏదైనా మార్చమంటే, దాని ధర అదే కాగితం మీద రాసి ఇద్దరూ సంతకం చేశాకే పని సాగాలి. ఇళ్ల బడ్జెట్లు తరచూ తప్పేది ఈ నోటిమాట మార్పుల దగ్గరే.