మూడు ఉద్యోగాలు, ఒకే లెక్క

విజయవాడలో మందుల హోల్‌సేల్ దుకాణంలో రెండేళ్లు. హైదరాబాద్‌లో ఒక కొరియర్ హబ్‌లో 14 నెలలు. తర్వాత 7 నెలలు ఖాళీ. ఆపైన బ్యాంకు ఫిర్యాదులు తీసుకునే కాల్ సెంటర్‌లో రెండేళ్లు. చదువు బీకామ్. ఇప్పుడు ఒక పెద్ద ఆసుపత్రిలో మందుల స్టోర్స్ చూసుకునే ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకున్నాడు. ఈ యువకుణ్ణి ఉదాహరణ కోసం నేనే ఊహించాను. కానీ ఇలాంటి బయోడేటా ఉన్నవాళ్లు ప్రతి వీధిలోనూ ఉంటారు. ఇంట్లో అవసరం ఏది చూపిస్తే ఆ పనిలో చేరినవాళ్లు, దొరికింది వదులుకునే స్తోమత లేనివాళ్లు.

ఆ కాగితం చేతికి తీసుకున్న హెచ్‌ఆర్ మనిషికి ముందు తోచేది ఒకటే: ‘ఇతను ఎక్కడా నిలవడు.’ అది చాలాసార్లు అన్యాయమైన మాట. అయినా ఆ మాట ఎందుకు పుడుతుందో తెలిస్తే తప్ప దానికి జవాబు చెప్పలేం.

అమెరికా భాషాశాస్త్రవేత్త షార్లెట్ లిండ్ 1993లో ‘లైఫ్ స్టోరీస్’ అనే పుస్తకం రాశారు. ‘ఈ వృత్తిలోకి ఎలా వచ్చారు?’ అని అడిగితే మనుషులు ఏం చెబుతారో, ఎలా చెబుతారో అందులో పరిశీలించారు. కేవలం ‘అలా జరిగిపోయింది’ అంటే వినేవాళ్లకు తృప్తి ఉండదు. అందుకని చెప్పేవాళ్లు తమ స్వభావం నుంచో, తమకున్న నేర్పు నుంచో ఒక కారణం తెచ్చి కలుపుతారు. తెగిపోయినట్టు కనబడే చోట్లను కలపడానికి మనుషులు వాడే పద్ధతులు కూడా ఆవిడ గుర్తించారు. వాటిలో ఒకటి మనకు బాగా తెలిసిందే: ‘నాది మార్పు కోరుకునే స్వభావం, ఎప్పుడూ కొత్తది నేర్చుకోవాలని ఉంటుంది.’ అంటే మారడమే తన నిలకడ అని చెప్పడం. స్నేహితుల మధ్య ఈ మాట బాగానే ఉంటుంది. ఇంటర్వ్యూ గదిలో మాత్రం చెప్పకూడదని నా గట్టి అభిప్రాయం. ఎదుటి మనిషికి అందులో వినబడేది, ‘ఏడాదిన్నరకు ఇక్కడి నుంచీ వెళ్లిపోతాను’ అనే.

మరి ఈ యువకుడు ఏం చెప్పాలి? ఉద్యోగాల పేర్ల దగ్గర మొదలుపెడితే దారి దొరకదు. సేల్స్ అసిస్టెంట్, హబ్ ఎగ్జిక్యూటివ్, కస్టమర్ సపోర్ట్ అసోసియేట్, వీటికి ఒకదానితో ఒకటి చుట్టరికం లేదు. కాబట్టి ఒక తెల్ల కాగితం తీసుకుని, ఒక్కో ఉద్యోగం కింద ఒకే ప్రశ్నకు జవాబు రాయాలి: అక్కడ ఏ చిక్కు వస్తే నన్ను పిలిచేవాళ్లు?

మందుల దుకాణంలో అతన్ని పిలిచింది ఎక్స్‌పైరీ సరుకు వెనక్కి పంపేటప్పుడు. గడువు దగ్గరపడిన స్ట్రిప్పులు విడిగా తీసి, బ్యాచ్ నంబరు కొన్న బిల్లుతో సరిపోయిందా లేదా చూసి పంపాలి. సరిపోకపోతే కంపెనీ ఆ సరుకు తీసుకోనంటుంది, నష్టం దుకాణానిదే. ‘పదికి ఒకటి ఉచితం’ స్కీములో వచ్చిన పదకొండో పెట్టె కంప్యూటర్‌లో ఎక్కకపోతే ఏడాది చివర లెక్క తేలదు. ఆ తేడాలు వెతకడం అతని పని.

కొరియర్ హబ్‌లో సంచి మీది చీటీలో 60 పార్సిళ్లని ఉంటే, విప్పితే 58 వస్తాయి. ఆ రెండూ స్కాన్ కాకుండా ఉండిపోయాయా, వెనక హబ్‌లోనే ఆగిపోయాయా, వేరే ఊరి సంచిలోకి వెళ్లాయా? తెల్లారేలోగా తేల్చాలి. కాల్ సెంటర్‌లో అతనికి ఎక్కువగా వచ్చిన ఫిర్యాదు, ఏటీఎంలో నోట్లు రాలేదు కానీ ఖాతాలో డబ్బు తగ్గింది అని. 2019లో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశం ప్రకారం ఇలాంటి డబ్బు, లావాదేవీ జరిగిన రోజు కాక మరో 5 రోజుల్లోగా వెనక్కి రావాలి. దాటితే రోజుకు 100 రూపాయలు పరిహారం. అందుకని అతను తేదీ, సమయం, మొత్తం తప్పు లేకుండా నమోదు చేసి, గడువు దగ్గరపడ్డ ఫిర్యాదులను వెంటపడి పూర్తి చేయించేవాడు.

ఇప్పుడు కాగితం ఒకసారి పైనుంచి కిందికి చదివితే దండలో దారం కనబడుతుంది. మూడు చోట్లా అతని పని ఒకటే: రికార్డులో ఉన్నదానికీ చేతిలో ఉన్నదానికీ తేడా వస్తే, ఆ తేడా ఎక్కడ పుట్టిందో కనిపెట్టడం. ఆసుపత్రి స్టోర్స్‌లో కావలసిందీ ఇదే. ఈ దారం కొత్తగా పేనింది కాదు, ఉన్నదే. అతని కాగితంలో ఇంతవరకు ఆ మాట ఎక్కడా రాయలేదంతే.

దారం సరైనదో కాదో తెలుసుకోవడానికి రెండు పరీక్షలు చాలు. మొదటిది, ప్రతి ఉద్యోగం నుంచీ దానికి సాక్ష్యంగా ఒక సంఘటన చెప్పగలగాలి. రెండోది, ఆ వాక్యం పక్కవాడి బయోడేటాలో పెడితే అతకకూడదు. ‘కష్టపడే మనిషిని, నలుగురితో కలిసి పనిచేస్తాను’ అన్నది మొదటి పరీక్షలో నెగ్గినా రెండోదాంట్లో పోతుంది. అది ఎవరికైనా సరిపోతుంది కాబట్టి ఎవరి గురించీ ఏమీ చెప్పదు.

ఇక రాత. బయోడేటా పైభాగాన, ‘సంస్థ అభివృద్ధికి నా నైపుణ్యాలు వినియోగించే అవకాశం కోరుతున్నాను’ అనే వాక్యం ఏళ్ల తరబడి నకలు అవుతూ వస్తోంది. దాన్ని తీసేసి మూడు వరుసలు పెట్టాలి. మన యువకుడికి అవి ఇలా ఉంటాయి: ‘మందులు, పార్సిళ్లు, బ్యాంకు ఫిర్యాదులు, ఈ మూడు రంగాల్లో కలిపి 5 ఏళ్లు రికార్డుకూ వాస్తవానికీ మధ్య తేడాలు తేల్చే పని చేశాను. మందుల బ్యాచ్, ఎక్స్‌పైరీ లెక్కలు తెలుసు. ఆసుపత్రి స్టోర్స్‌లో ఈ పనే పూర్తి బాధ్యతగా చేయాలనుకుంటున్నాను.’ దాని కింద ఉద్యోగాలు తేదీలతో సహా, కొత్తది పైన, పాతది కింద.

ఒక్కో ఉద్యోగం కింద ఏం రాయాలో కూడా ఈ దారమే చెబుతుంది. కాల్ సెంటర్ కింద ‘రోజుకు 80 కాల్స్ తీసుకున్నాను’ అన్న వరుస నిజమే కావచ్చు, కానీ స్టోర్స్ వాళ్లకు దానితో పనిలేదు. దాని బదులు ‘ఏటీఎం ఫిర్యాదులు గడువులోగా పూర్తయ్యేలా రోజువారీ పట్టిక నడిపాను’ అని ఉండాలి. మందుల దుకాణం అన్నిటికన్నా పాత ఉద్యోగమైనా ఈ పోస్టుకు అన్నిటికన్నా దగ్గరది కనుక దానికి నాలుగు వరుసలివ్వాలి, తక్కినవాటికి రెండేసి చాలు. పని ఎన్నాళ్లు చేశామన్నదాన్ని బట్టి చోటు పంచడమే ఇక్కడ ఎక్కువమంది చేసే పొరపాటు.

తేదీలు తీసేసి నైపుణ్యాల జాబితా ఒక్కటే పెట్టమని కొందరు సలహా ఇస్తారు. నేను వద్దంటాను. తేదీలు లేని బయోడేటా చూడగానే ఏదో దాస్తున్నారన్న అనుమానమే వస్తుంది. పైగా దాచడం సాధ్యమూ కాదు. పీఎఫ్ ఉన్న ప్రతి ఉద్యోగం 12 అంకెల యూఏఎన్ కింద, చేరిన తేదీతో, మానిన తేదీతో నమోదై ఉంటుంది. కొత్త సంస్థలు ఆ సర్వీస్ హిస్టరీ అడిగి తీసుకుంటున్నాయి. అందులో 14 నెలలని ఉండి బయోడేటాలో రెండేళ్లని ఉంటే, ఆఫర్ లెటర్ వచ్చాక కూడా ఉద్యోగం పోవచ్చు. హోదా పెంచి రాయడానికీ ఇదే ముప్పు. అసిస్టెంట్‌గా చేసి మేనేజర్ అని రాస్తే రిలీవింగ్ లెటర్ బయటపెడుతుంది. హోదా ఉన్నది ఉన్నట్టు రాసి, చేసిన పనిని కింద వరుసల్లో చూపడమే క్షేమం.

చిన్న దుకాణాల్లో చేసినవాళ్ల బాధ వేరు. 20 మంది కన్నా తక్కువ ఉన్న చోట సాధారణంగా పీఎఫ్ ఉండదు, జీతం చేతికే ఇస్తారు. అలాంటి ఉద్యోగాన్ని బయోడేటాలోంచి ఎగరగొట్టేస్తుంటారు. మన యువకుడు అలా చేస్తే తన బలమంతా పోగొట్టుకున్నట్టే. యజమాని దగ్గరికి వెళ్లి, ఎప్పటి నుంచి ఎప్పటి దాకా ఏ పని చేశాడో లెటర్‌హెడ్ మీద రాయించుకోవాలి. బ్యాంకులో జీతం పడి ఉంటే ఆ స్టేట్‌మెంట్ చాలావరకు పనికొస్తుంది.

ఇంటర్వ్యూలో ‘మీ గురించి చెప్పండి’ అనగానే పుట్టిన ఊరి నుంచి మొదలుపెట్టి వరసగా చెప్పుకుపోతే మూడో ఉద్యోగానికి వచ్చేసరికి వినేవాళ్ల దృష్టి పోతుంది. మొదటి వాక్యంలోనే దారం చెప్పి, ఆ తర్వాత ఒక్కో ఉద్యోగం ఒక్కో సంఘటనగా, మొత్తం ఒకటిన్నర నిమిషంలో ముగించాలి. అసలు పరీక్ష ఆ తర్వాత, ముడులు పడ్డ చోట వస్తుంది. ‘అది ఎందుకు మానేశారు?’ దీనికి నిజమే చెప్పాలి, ఒక్క వాక్యంలో చెప్పాలి, వెంటనే పనిలోకి రావాలి. ‘హైదరాబాద్‌లో జీతం ఎక్కువ సార్, ఇంటికి అవసరమైంది. అక్కడ మందుల పని దొరక్క హబ్‌లో చేరాను, అక్కడా స్టాక్ తేడాల పనే వచ్చింది.’ ఖాళీ నెలల గురించి అడిగితే, ‘నాన్నగారికి ఆపరేషన్ అయింది మేడమ్, దగ్గరుండి చూసుకున్నాను. ఆయన కోలుకోగానే మళ్లీ చేరాను.’ డబ్బు కోసం మారానని చెప్పడంలో తలవంపు ఏమీ లేదు. మొదటి రోజు నుంచే ఆసుపత్రి స్టోర్స్ తన కల అని చెబితే మాత్రం ఎవరూ నమ్మరు.

ఇతనే రేపు ఒక కస్టమర్ సర్వీస్ టీమ్ లీడర్ పోస్టుకు వెళితే ఈ దారం పనికిరాదు. డబ్బు పోయిందని కేకలేసే ఖాతాదారు, పార్సిల్ రాలేదని హబ్ గేటు దగ్గరికి వచ్చిన మనిషి, సరుకు వెనక్కి తీసుకోమని గొడవపడే చిల్లర దుకాణదారు, వీళ్లను శాంతపరచిన సంగతులు ముందుకు రావాలి. గతం అదే, ఎంచుకున్న పూలు వేరు. రెండు కథలూ నిజమే.

కథ చేయలేని పనీ ఉంది. అదే ఆసుపత్రిలో ఫార్మసిస్టు పోస్టు ఖాళీ ఉన్నా అతను దానికి వెళ్లలేడు. 1948 నాటి ఫార్మసీ చట్టం ప్రకారం డాక్టరు చీటీ మీద మందు కూర్చి ఇవ్వాల్సింది రిజిస్టరైన ఫార్మసిస్టే. రెండేళ్లు మందుల మధ్యే తిరిగిన అనుభవం ఆ అర్హతకు బదులు కాదు. దరఖాస్తు పెట్టేముందే ప్రకటనలో తప్పనిసరి అర్హత ఏదో, ఉంటే మంచిదన్నది ఏదో వేరుచేసి చూసుకోవాలి.

కథ కుదిరిందో లేదో ఇంటర్వ్యూ జరుగుతుండగానే తెలుస్తుంది. కుదరకపోతే చివరి దాకా ఎందుకు మారారు, ఎన్నాళ్లుంటారు అన్న ప్రశ్నలే తిరుగుతుంటాయి. కుదిరితే ప్రశ్నలు అతని గతాన్ని వదిలి వాళ్ల పనిలోకి వస్తాయి. స్టోర్స్ మేనేజరు కుర్చీ ముందుకు జరుపుకుని, ‘మా దగ్గర ప్రతి నెలా ఇంజెక్షన్ల లెక్క తప్పుతోందయ్యా, నువ్వయితే ముందు ఏం చూస్తావు?’ అని అడుగుతాడు. ‘రాత్రి ఐసీయూకి ఇచ్చినవి చూస్తాను సార్. అత్యవసరంలో ముందు మందు ఇస్తారు, ఎంట్రీ తర్వాత వేద్దామనుకుంటారు. తెల్లారేసరికి డ్యూటీ మారిపోతుంది.’