అన్నం మానక్కర్లేదు, వడ్డన మారితే చాలు

పీసీఓఎస్ ఉందని తేలగానే చాలామంది అమ్మాయిలకు ఇంట్లోనూ బయటా వినిపించే మొదటి మాట, ‘అన్నం మానెయ్’ అని. రెండు వారాలు గట్టిగా మానేస్తారు. మూడో వారం రాత్రి పది గంటలకు ఆకలికి తట్టుకోలేక డబ్బాలో ఉన్న జంతికలన్నీ తినేస్తారు. పీసీఓఎస్‌పై 2023లో వెలువడిన అంతర్జాతీయ వైద్య మార్గదర్శకాలు ఏ ఒక్క డైట్‌నూ మిగతా వాటికంటే మేలైనదని చెప్పలేదు. ఎవరి ఇంటి వంటలో వాళ్లు సమతులంగా తింటూ, చాలాకాలం పాటించగలగడమే ముఖ్యమన్నాయి.

ఈ సమస్య ఉన్న చాలామందిలో ఇన్సులిన్ సరిగా పనిచేయదు. రక్తంలోని చక్కెరను కణాల్లోకి పంపడానికి శరీరం మామూలుకంటే ఎక్కువ ఇన్సులిన్‌ను తయారుచేయాల్సి వస్తుంది. అలా పెరిగిన ఇన్సులిన్ అండాశయాల్లో పురుష హార్మోన్ల తయారీనీ ఎక్కువ చేస్తుంది. నెలసరి తప్పడం, మొటిమలు, అవాంఛిత రోమాలు కొంతవరకు దీని ఫలితమే. పిండి పదార్థాలే ఎక్కువగా ఉన్న భోజనం చేస్తే చక్కెర త్వరగా పెరుగుతుంది. కాసేపటికి కొందరికి కళ్లు మూతలు పడతాయి, ఇంకొందరికి మళ్లీ ఆకలేస్తుంది.

హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగం చేసే అమ్మాయి రోజును ఊహించుకుందాం. పొద్దున కాఫీ తాగి బయల్దేరుతుంది, టిఫిన్ తినదు. మధ్యాహ్నం రెండింటికి క్యారియర్ విప్పుతుంది. మన పద్ధతి ప్రకారం పప్పుతో ఒకసారి, కూరతో ఒకసారి, చారుతో ఒకసారి, చివర పెరుగుతో ఒకసారి అన్నం కలుపుకుంటుంది. ఒక్కోసారికి ముప్పావు కప్పు చొప్పున చూసినా మొత్తం మూడు కప్పులైంది. కూర మాత్రం రెండు చెంచాలు, పప్పు నీళ్లగా అరకప్పు. నాలుగింటికి కునుకు, ఆరింటికి బిస్కెట్లు.

ఇక్కడ మార్చాల్సింది అన్నం కలుపుకునే తీరు. ఒకటిన్నర కప్పుల అన్నం ముందే కొలిచి పెట్టుకుని దాన్నే పప్పుకూ కూరకూ పంచుకోవాలి. బీరకాయో తోటకూరో కప్పు నిండా ఉండాలి, అందులో కొంత అన్నం కలపకముందే తినేయాలి. కూరగాయలు, పప్పు ముందు తిని అన్నం తర్వాత తింటే రక్తంలో చక్కెర పెరుగుదల తగ్గుతుందని అధ్యయనాల్లో తేలింది. పప్పు చిక్కగా ఉండాలి. 40 గ్రాముల కందిపప్పుతో వండితే సుమారు 9 గ్రాముల మాంసకృత్తులు వస్తాయి. చారు గ్లాసులో పోసుకుని తాగొచ్చు, పెరుగు గిన్నెలో వేసుకుని విడిగా తినొచ్చు.

మధ్యాహ్నం అంత ఆకలి వేయకుండా ఉండాలంటే పొద్దున టిఫిన్ పడాలి. 60 గ్రాముల పెసలు రాత్రి నానబెడితే రెండు పెసరట్లకు సరిపోతాయి, అందులోనే సుమారు 14 గ్రాముల మాంసకృత్తులుంటాయి. ఇడ్లీ ఇష్టమైతే నాలుగుకు బదులు రెండు తిని, ఒక ఉడికించిన గుడ్డు, కప్పు సాంబారు చేర్చుకోవచ్చు. సాయంత్రం ఆకలి ముదరకముందే, ఐదింటికి, ఒక గిన్నెడు సెనగ గుగ్గిళ్లో గుప్పెడు వేరుసెనగపప్పో తింటే రాత్రి పళ్లెం దానంతటదే తేలికవుతుంది. వారానికి రెండుసార్లు సెనగలు ఉడికించి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే రోజూ హడావుడి ఉండదు.

చాలామంది ఇక్కడే పొరబడతారు. అన్నం మానేసి కొర్రలు, జొన్న రొట్టెలు ఎంతైనా తినొచ్చనుకుంటారు. వాటిలో పీచు ఎక్కువే కానీ పిండి పదార్థాలూ ఉన్నాయి, కాబట్టి కొలత వాటికీ వర్తిస్తుంది. బెల్లం వేసి పల్చగా కాచిన రాగి జావ చాలా త్వరగా అరుగుతుంది. దాన్ని టిఫిన్‌గా లెక్కేస్తే పదకొండింటికే ఆకలి.

పండగనాటి బొబ్బట్టును మానక్కర్లేదు. భోజనం చివర ఒకటి తిని, పదిహేను నిమిషాలు నడిస్తే సరిపోతుంది.

మార్పు పనిచేస్తోందో లేదో తెలుసుకోవడానికి రెండు వారాల పాటు ఎప్పుడు నిద్రమత్తు వచ్చింది, తిన్న ఎంతసేపటికి ఆకలైంది అని రాసుకోవాలి. రెండు గంటల్లోపే ఆకలేస్తుంటే ఆ పూట పప్పో గుడ్డో కూరో తక్కువైనట్టు. రాత్రిపూటే ఆకలి విరుచుకుపడుతుంటే పగటి తిండి చాలనట్టు.

తిండి సరిచేసినా నీరసం తగ్గకపోతే రక్తహీనత, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోవాలి. మెట్‌ఫార్మిన్ చాలాకాలంగా వాడేవారిలో బి12 తగ్గే అవకాశం ఉంది, దాన్నీ చూపించుకోవాలి. నెలసరి మూడు నెలలు దాటినా రాకపోతే మాత్రం వంటింట్లో మార్పులతో సరిపెట్టకూడదు. గర్భాశయం లోపలి పొర మందమయ్యే ప్రమాదం ఉంటుంది కాబట్టి గైనకాలజిస్టును కలవాల్సిందే.