అమ్మమ్మ మాట ఆగినప్పుడు

1977 నవంబరు 19న దివిసీమను ముంచెత్తిన ఉప్పెనను మీ అమ్మమ్మ చూసిందనుకోండి. ముందుగా ‘నీ మాటలు ఫోన్‌లో రికార్డు చేసుకోనా అమ్మమ్మా? ఎవరెవరికి వినిపించవచ్చు?’ అని అడగండి. ఆమె ఒప్పుకోలునూ రికార్డు చేయండి. వద్దన్నచోట ఆపేయండి.

‘భయపడ్డావా?’ అంటే ‘ఆఁ’ అని ఊరుకుంటుంది. ‘ఆ రోజు పొద్దున్నుంచి ఏం జరిగింది?’ అంటే గాలి ఎలా మారిందో, ఎవరు ఎక్కడ తలదాచుకున్నారో చెప్పుకొస్తుంది. మధ్యలో మౌనం వస్తే వెంటనే మరో ప్రశ్న వేయకండి. మనసులో పది లెక్కపెట్టండి. చాలాసార్లు అసలు సంగతి ఆ తర్వాతే వస్తుంది. ఏడాది తప్పు చెప్పినా అడ్డుపడి దిద్దకండి. చివర్లో ‘అప్పటికి అమ్మ పుట్టిందా?’ అని అడిగితే కాలం తేలుతుంది. కన్నీళ్లు పెట్టుకుంటే మాత్రం ‘ఇవాళ్టికి చాలా?’ అని ఆమెనే అడగండి.