చిన్న ఫ్లాట్‌కి కుక్కపిల్లా, పెద్ద కుక్కా?

రెండు గదుల ఫ్లాట్, ఇంట్లో నాలుగేళ్ల పాప. అక్కడికి 2 నెలల కుక్కపిల్లను తెస్తే, అది రెండు మూడు గంటలకు మించి మూత్రం ఆపుకోలేదు. టీకాలు పూర్తయ్యేదాకా, అంటే దాదాపు 4 నెలల వయసు వచ్చేవరకు, వీధికుక్కలు తిరిగే చోట దింపకూడదు. పళ్లు మారేదాకా పాప చేతులూ గౌను అంచులూ కొరుకుతూనే ఉంటుంది.

అందుకే ఇలాంటి ఇంటికి రెండు మూడేళ్ల కుక్కే నయం. దాని స్వభావం అప్పటికే చాలావరకు తేలిపోయి ఉంటుంది. షెల్టర్‌లో పాపను పక్కన ఉంచుకుని గమనించండి. ఒళ్లు వదులుగా ఉంచి, తోక ఊపుతూ తనంతట తనే దగ్గరికొస్తే మంచి గుర్తు. మొహం తిప్పుకున్నా, పదేపదే పెదాలు నాక్కున్నా, బిగుసుకుపోయినా భయపడుతోందని అర్థం, మరోదాన్ని చూడండి. ఇంటికి తెచ్చాక కూడా అది తినేటప్పుడు, పడుకున్నప్పుడు పాపను దగ్గరికి వెళ్లనివ్వకండి.